షిఫ్టు దిగినాక ఓ పావుగంట

జమ్మలమడుగులో మా పక్కవీధి కుర్రవాడు ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మెకానికల్, నాలుగో సంవత్సరం. అదే కాలేజీలో అయిదారేళ్ల కిందట చదివి వెళ్లిన ఒక సీనియర్‌కు పంపుదామని రాసుకున్న మెసేజ్ ఒకటి పోయిన ఆగస్టులో నాకు చూపించాడు. ఆ సీనియర్‌తో ఇతనికి ముఖపరిచయం కూడా లేదు. "తెలుగులో తప్పులేమన్నా ఉన్నాయేమో చూడు పెద్దనాయనా" అన్నాడు. తప్పుల కోసమే చదవడం మొదలుపెట్టాను గానీ, రెండోసారి చదివేటప్పటికి ఆ సంగతి మరిచిపోయాను. గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ పెడుతున్నాను, చూడండి:

"నమస్తే అన్నా. నేను ప్రొద్దుటూరు వైఎస్సార్ ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ ఫైనలియర్. మాది జమ్మలమడుగు. మీరు మన బ్రాంచిలోనే చదివి, సిమెంట్ ప్లాంటులో మెయింటెనెన్స్‌లో చేరి, రెండేళ్లకు కంట్రోల్ రూముకు మారినట్టు మీ ప్రొఫైల్లో చూశాను. ఆ మారడం గురించి రెండు ప్రశ్నలు అడగాలని ఉంది. వచ్చే వారం మీకు ఉదయం షిఫ్టు ఉంటే, దిగినాక మూడు నుంచి అయిదు మధ్య ఒక పావుగంట ఫోన్లో మాట్లాడొచ్చా? వీలుకాకపోతే ప్రశ్నలు రెండూ ఇక్కడే రాస్తాను, తీరినప్పుడు వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. ఉద్యోగం అడగడానికి కాదన్నా. గేట్‌కు అప్లై చేయాలా, ప్లాంటులో చేరాలా అని ఈ నెలాఖరుకు తేల్చుకోవాలి, అందుకని."

చదవడానికి అర నిమిషం పట్టదు. రాయడానికి మూడు రోజులు పట్టిందట. ముందు రాసి కొట్టేసినవి కూడా ఫోన్లోనే ఉన్నాయంటే చూపించమన్నాను.

మొదటిది చాంతాడంత ఉంది. పదో తరగతి మార్కుల దగ్గర మొదలై, నాన్న నాపరాళ్ల పాలిష్ మిషన్ల దగ్గర పడే కష్టం మీదుగా సాగి, "మీ అమూల్యమైన సలహాలు, మార్గదర్శకత్వం ఆశిస్తూ" అని ముగిసింది. కింద రెజ్యూమే జతపరిచి ఉంది. అందులో అబద్ధం ఒక్కటి లేదు. కానీ అది అందుకున్న మనిషి ఏం చేయాలి? మార్గదర్శకత్వం అంటే ఎంత? ఎన్ని రోజులు? రెజ్యూమే పెట్టాడంటే ఉద్యోగం అడుగుతున్నాడా? జాలి పడాలా, సాయం చేయాలా? డ్యూటీ నుంచి అలసి వచ్చిన మనిషి ఇలాంటిది చూసి, తర్వాత తీరిగ్గా చదువుదామనుకుంటాడు. ఆ తీరిక ఇక రాదు.

రెండోది చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే చిన్నతనంలో నేనూ ఇదే చేశాను. పెద్దదయిందని తెలిసి మొత్తం నరికేసి, ఒకే ఒక్క వాక్యం మిగిల్చాడు: "అన్నా, సిమెంట్ ఫీల్డ్ ఎట్లుంటుంది?" చూడటానికి ఇంతకంటే చిన్న ప్రశ్న లేదు. జవాబు చెప్పబోతే ఇంతకంటే పెద్దది లేదు. జీతమా, దుమ్మా, ప్రమోషన్లా, పెళ్లి సంబంధాలా, దేని గురించి చెప్పాలి? ఏది ముఖ్యమో ఏరుకునే పని అడిగినవాడు చేయకుండా, అవతలివాడి నెత్తిన పెట్టాడు. అలాంటి ప్రశ్నకు "బాగానే ఉంటుంది తమ్ముడూ" అనే జవాబు తప్ప ఇంకోటి రాదు. తక్కువ మాటల్లో రాయడం వేరు, తక్కువ పని అడగడం వేరు. ఈ తేడా చాలామంది పెద్దవాళ్లకే అందదు. ఇతనికి రెండో రోజుకు అందింది.

మూడోదానికి వద్దాం. "అన్నా" అన్న పిలుపుతోనే పని మొదలైంది. మా ప్రాంతంలో ఈ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు పాతవేమీ కావు. పులివెందుల జేఎన్టీయూ కళాశాల 2006లో వచ్చింది, ప్రొద్దుటూరుది 2008లో. అంటే పులివెందుల మొదటి బ్యాచ్ బయటికొచ్చింది 2010లో, ప్రొద్దుటూరు మొదటి బ్యాచ్ 2012లో. వరంగల్ ఆర్‌ఈసీకో, అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీకో ఉన్నట్టు రిటైరయిన చీఫ్ ఇంజనీర్లు, కంపెనీ డైరెక్టర్లు పూర్వ విద్యార్థుల్లో ఉండరు. అందరికంటే పెద్ద సీనియర్ కూడా ఇంకా నలభై దాటని మనిషే. అలాంటివాడికి "గౌరవనీయులైన సర్" అని రాస్తే కంపెనీకి వచ్చిన దరఖాస్తులా కనిపిస్తుంది. "బ్రో" అంటే మా వైపు కొంచెం ఎకసెక్కంగా ఉంటుంది. "అన్నా" అంటూ "మీరు" అనడంలో చనువూ మర్యాదా రెండూ సరిగ్గా కుదిరాయి. "మీ బ్రాంచి", "మా బ్రాంచి" అనకుండా "మన బ్రాంచి" అనడం కూడా చూడండి. పరిచయానికి ఆ ఒక్క మాటే ఖర్చు పెట్టాడు.

ఆ తర్వాత వాక్యంలో ఉంది అసలు పని. "మెయింటెనెన్స్‌లో చేరి, రెండేళ్లకు కంట్రోల్ రూముకు మారినట్టు చూశాను." లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిచి పూర్వ విద్యార్థుల జాబితా నొక్కితే, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం చదివారు, ఏ ఊళ్లో ఉన్నారు అని జల్లెడ పట్టుకోవచ్చు. ఇతను ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంట్ ప్లాంట్లలో ఉన్న తన కాలేజీవాళ్లను అలా వెతికాడు. దొరికిన కొద్దిమందిలో ఉద్యోగం పెద్దదా చిన్నదా అని కాకుండా, ఎవరి దారిలోనన్నా ఒక మలుపు ఉందా అని చూశాడు. మెకానికల్ చదివినవాడు ప్లాంటులో చేరితే క్రషర్లు, కన్వేయర్లు, గేర్‌బాక్సులు, బేరింగుల మధ్య మెయింటెనెన్స్‌లో పడతాడు. కిల్న్‌ను తెరల మీద చూస్తూ నడిపే కంట్రోల్ రూమ్ ఇంకో లోకం. అక్కడ ఎక్కువగా కెమికల్ చదివినవాళ్లు కనిపిస్తారు. ఒక మెకానికల్ మనిషి ఇటు నుంచి అటు ఎలా దాటాడన్నది గూగుల్‌లో దొరకదు, ప్రొఫెసర్లకు తెలియదు, కంపెనీ ఎచ్ఆర్ చెప్పదు. దాటినవాడే చెప్పాలి. ఇలా అడిగితే అందుకున్న మనిషికి "ఇది నన్నే అడిగాడు, నాలాంటి నలభై మందికి పంపింది కాదు" అని తెలిసిపోతుంది.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను. వాళ్ల నాన్న ఈ మెసేజ్ వ్యవహారమే అనవసరం అన్నాడు. బంధువు ఒకాయనకు ఎర్రగుంట్లలో లారీలున్నాయి, ప్లాంటులో పెద్దవాళ్లు తెలుసు, ఒక్క ఫోన్ కొట్టిస్తే పోలా అని. మా జిల్లాలో పని జరిగే పద్ధతి అదే, కాదనను. పెద్దమనిషి ఫోన్ చేస్తే "పంపించండి, చూద్దాం" అంటారు. కానీ రాత్రి షిఫ్టులు ఎలా ఉంటాయో, ఎంతమంది ఏడాదికే మానేసి వెళ్లారో ఆ ఫోన్లో ఎవరూ చెప్పరు. పెద్దమనిషికి కష్టం కలిగే మాట ఎవరంటారు? పైగా ఆ బంధువుకు తెలిసిందంతా ఈ ఇంట్లో అందరికీ ఎప్పుడో తెలిసిందే. 1973లో మార్క్ గ్రనొవెటర్ అనే అమెరికా సామాజికవేత్త రాసిన వ్యాసంలో ముఖ్యమైన సంగతి ఇదే. పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగంలోకి మారినవాళ్లను ఆయన అడిగి చూస్తే, ఎక్కువమందికి దారి చూపింది రోజూ కలిసే ఆప్తులు కారని, అప్పుడప్పుడు మాత్రమే తగిలే దూరపు పరిచయస్తులని తేలింది. దగ్గరివాళ్లంతా ఒకే బావి నీళ్లు తాగుతుంటారు. ముఖం తెలియని కాలేజీ సీనియర్ ఇంకో బావి దగ్గర ఉన్నాడు.

ఈ రకం మాటామంతీకి అమెరికాలో ఒక పేరే ఉంది. రిచర్డ్ బోల్స్ అనే చర్చి ఉద్యోగి 1970లో సొంతంగా అచ్చేసుకున్న ఉద్యోగాన్వేషణ పుస్తకం తర్వాత లక్షలమంది చేతుల్లోకి వెళ్లింది. ఉద్యోగం అడగకుండా ఉద్యోగం గురించి అడిగే ఆ మాటామంతీకి పేరు పెట్టింది ఆయనే అంటారు. ఆ పేరుకు మన దగ్గర సరైన మాట ఇంకా రాలేదు. "ఒకసారి మాట్లాడొచ్చు" అనుకుంటాం, అంతే.

మళ్లీ మెసేజ్‌లోకి. "ఉదయం షిఫ్టు ఉంటే, దిగినాక మూడు నుంచి అయిదు మధ్య." నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. సిమెంట్ కిల్న్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది కనుక మనుషులు మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. ఉదయం ఆరుకెక్కినవాడు రెండుకు దిగుతాడు. ఇంటికొచ్చి, స్నానం చేసి, అన్నం తినేసరికి మూడు. అయిదు దాటితే ఇంట్లో పనులు. మామూలుగా అందరూ రాసేది "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అని. వినడానికి వినయంగా ఉంటుంది గానీ, వారమంతా తడుముకుని ఒక సమయం వెతికే పని అవతలివాడికే అప్పగించినట్టు. ఇతను ఆ మనిషి రోజును ఊహించుకుని, అందులో ఖాళీ ఉండే చోటు చూపించాడు. ఆ మనిషి "మంగళవారం" అని ఒక్క మాట కొడితే చాలు. ఎర్రగుంట్ల దగ్గర పెరిగిన పిల్లలకు షిఫ్టు సైరన్లు, షిఫ్టు బస్సులు కొత్త కాదు. ఇంట్లో తెలిసిన సంగతిని మెసేజ్‌లో పెట్టాలని తట్టడమే విశేషం.

"రెండు ప్రశ్నలు", "పావుగంట" అన్న లెక్కలు ఒకదానికొకటి సరిపోయాయి. ఒక ప్రశ్నకు ఏడు నిమిషాలు. పది ప్రశ్నలని పావుగంట అడిగితే నమ్మరు. రెండు ప్రశ్నలని గంట అడిగితే భయపడతారు. "వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు" అన్నది కాదనడానికి వదిలిన సందు. ఫోన్ వద్దనుకున్నవాడు మొహమాటపడి అసలు జవాబే ఇవ్వకుండా పోకుండా, మధ్యలో ఒక మెట్టు కట్టాడు.

తప్పు పట్టాలంటే నాకు ఒకటి కనిపించింది. "ఉద్యోగం అడగడానికి కాదన్నా" అన్నది చివర్లో ఉంది. చదివేవాడు మొదటి నుంచీ "ఇప్పుడు రికమండేషన్ అడుగుతాడు" అని ఎదురుచూస్తూనే ఉంటాడు కదా, దాన్ని పైకి తెచ్చెయ్యి అన్నాను. కుర్రవాడు ఒప్పుకోలేదు. "ముందే చెప్తే దాని మీదికే పోతాది పెద్దనాయనా మనసు. ముందు ప్రశ్న చదవనీ." నాకు ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. పంపిన మెసేజ్ మాత్రం అతనిదే.

దాదాపు ఇలాంటివే, ఒక్కొక్కరి దారిని బట్టి మధ్య వాక్యం మార్చి, ముగ్గురికి పంపాడు. ఒకరు చూడనే లేదు. ఒకరు "తప్పకుండా, చెప్తాను" అని మళ్లీ పలకలేదు. పైన రాసిన మెసేజ్ అందుకున్న కంట్రోల్ రూమ్ సీనియర్ నుంచీ వారం పాటు ఉలుకూ పలుకూ లేదు. కుర్రవాడు కుంగిపోయాడు. ఎనిమిదో రోజు ఒకటే వాక్యం రాశాడు: "అన్నా, పోయిన వారం మెసేజ్ గుర్తుచేస్తున్నా, ఇప్పుడు తీరిక లేకపోయినా ఫర్వాలేదు." మూడోసారి రాయకూడదని ముందే అనుకున్నాడట. ఆ సాయంత్రమే జవాబొచ్చింది. కిల్న్ షట్‌డౌన్ నడుస్తోందట. కిల్న్ లోపల సరుకు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడికి ఇనప గొట్టం తట్టుకోవాలని లోపలంతా మంట తట్టుకునే ఇటుకలు పరుస్తారు. అవి అరిగినప్పుడు కిల్న్ ఆపి, చల్లార్చి, పాతవి తీసి కొత్తవి వేసి, మళ్లీ నెమ్మదిగా వేడెక్కించాలి. ఆ రోజుల్లో ప్లాంటులో ఎవరికీ పగలూ రాత్రీ ఉండవు. జవాబు రాకపోవడానికి కారణం మెసేజ్‌లో వెతుక్కుంటూ కూర్చున్న కుర్రవాడికి, కారణం కిల్న్‌లో ఉందని తెలిసింది.

ఫోన్ మంగళవారం మూడున్నరకు. నేను పక్కన లేను, తర్వాత చెప్పగా విన్నదే. ముందు కాగితం మీద రాసుకున్న రెండు ప్రశ్నలివి: మారడం మీరు అడిగితే జరిగిందా, ఖాళీ వస్తే పంపారా? మెయింటెనెన్స్‌లో ఆ రెండేళ్లు చేయకుండా నేరుగా కంట్రోల్ రూముకు వచ్చివుంటే, ఇప్పుడు మీకు ఏం తెలియకుండా పోయేది?

రెండో ప్రశ్న నిజంగా మంచి ప్రశ్న. "మెయింటెనెన్స్ వల్ల లాభమేంది?" అని అడిగివుంటే ఉపన్యాసం వచ్చేది. ఏం తెలియకుండా పోయేదని అడిగేసరికి ఆయనకు ఒక రాత్రి గుర్తొచ్చింది. తెర మీద బకెట్ ఎలివేటర్ మోటారు ఆంపియర్లు మెల్లగా ఎక్కుతున్నాయి. పక్కనున్న ఆపరేటర్‌కు అది అంకె మాత్రమే. ఈయన ఆ ఎలివేటర్ అడుగున పలుగు పట్టుకుని పేరుకున్న సరుకు తీసినవాడు. లోపల ఏం జరుగుతోందో కళ్లకు కట్టింది, ఫీడ్ తగ్గించి కింద ఉన్నవాళ్లకు ఫోన్ చేశాడు. మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా మామూలుది. ఖాళీ వచ్చింది నిజమే, కానీ అంతకుముందు ఏడాదిగా రాత్రి షిఫ్టుల్లో పని లేనప్పుడు కంట్రోల్ రూములో వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవాడట. ఖాళీ వచ్చినప్పుడు అక్కడివాళ్లకు గుర్తొచ్చిన ముఖం ఆయనది.

పద్నాలుగో నిమిషంలో కుర్రవాడు "అన్నా, పావుగంట అయితాంది" అన్నాడు. చెప్పిన మాట చెప్పినట్టు నిలబెట్టుకోవడం ఈ పనిలో చాలామంది వదిలేసే భాగం. అవతలివాళ్లు సాగదీస్తున్నారు కదా అని మనమూ సాగిపోతాం. ఆయన "ఏం పర్వాల్యా, చెప్పు" అన్నాకే మూడో ప్రశ్న వేశాడు, అదీ అడగొచ్చా అని అడిగి: "మీ బ్యాచ్‌లో ప్లాంటులో చేరి మానేసిపోయినోళ్లు ఎవరన్నా ఉన్నారా అన్నా?" ఇది తెలివైన ప్రశ్న. నిలబడినవాడిని అడిగితే నిలబడటం గురించే తెలుస్తుంది. దుమ్ము పడక, రాత్రి షిఫ్టులు పడక వెళ్లిపోయినవాళ్లు లింక్డ్‌ఇన్ జాబితాలో సిమెంట్ పేరుతో కనిపించరు. ఆయన ఒకరి పేరు చెప్పి, "నేను చెప్పినానని చెప్పు" అన్నాడు. ఆ ఒక్క మాటతో తర్వాతి మెసేజ్ సగం తేలికైంది.

గేట్ గురించి ఆయన గట్టిగానే చెప్పాడు. చేరకముందే రాసెయ్యి, షిఫ్టుల్లో పడినాక చదవలేవు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది, తొందరేం లేదు అని. కుర్రవాడు ఆ రాత్రి కూర్చుని సరిచూసుకున్నాడు. మూడేళ్ల మాట నిజమే, ఎంటెక్ అడ్మిషన్లకు అది పనికొస్తుంది. కానీ గేట్ ద్వారా ఉద్యోగాలిచ్చే ప్రభుత్వ రంగ సంస్థలు సాధారణంగా నోటిఫికేషన్‌లో ఫలానా ఏడాది గేట్ అనే రాస్తాయి, పాత స్కోరు తీసుకోవు. అంటే ఇతను దేనికోసం రాయాలనుకుంటున్నాడో ఆ విషయంలో సీనియర్ మాట సగమే కుదిరింది. తన బతుకులో జరిగిందాన్ని చెప్పినంతసేపూ ఆయన మాటకు తిరుగులేదు. నియమం చెప్పబోయినప్పుడే జారాడు. నియమాలు నోటిఫికేషన్‌లో దొరుకుతాయి కనుక వాటి కోసం పావుగంట ఖర్చు పెట్టక్కర్లేదు. ఆ పొరపాటును ఎత్తిచూపుతూ ఆయనకు మళ్లీ మెసేజ్ పెట్టాలా అని నన్నడిగాడు. ఇప్పుడొద్దన్నాను.

కొలత అందరికీ ఒకటే కాదని మా మేనకోడలి మెసేజ్ చూశాక అనిపించింది. ఆ పిల్ల పులివెందులలో ఈఈఈ. విద్యుత్ సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం చేస్తున్న సీనియర్‌కు రాసింది: "అక్కా, ఫోన్ వద్దు. ఒకటే అడుగుతా. రాత్రి డ్యూటీ పడినప్పుడు మీరు మొదటిసారి ఇంట్లో ఎట్ల చెప్పినారు?" ఉద్యోగం చేయొచ్చా, కష్టమా అని అడగలేదు. ఇంట్లో ఎట్ల చెప్పినారని అడిగింది. నాలుగ్గోడల మధ్య ఫోన్లో మాట్లాడితే అమ్మ వింటుంది, అటుపక్క అత్తగారు వింటారు. అందుకే అడగడమే అక్షరాల్లో అడిగింది. జవాబు రాత్రి పదకొండున్నరకు, మూడు ముక్కలుగా, వాయిస్‌లో వచ్చింది. అందులో ఏముందో నాకు వినిపించలేదు. అడిగినా వినిపించేది కాదు.

కుర్రవాడు గేట్‌కు అప్లై చేశాడు. ఆ సాయంత్రమే సీనియర్‌కు రెండు వాక్యాలు పంపాడు: "అన్నా, అప్లై చేసినా. మీరు చెప్పిన వెనక కుర్చీ సంగతి మా క్లాసులో ముగ్గురికి చెప్పినా." గేట్ స్కోరు గురించి ఏమీ రాయలేదు. నాలుగు రోజుల తర్వాత జవాబొచ్చింది, అక్షరాలు కాదు, ఒక ఫోటో. తెరల ముందు కుర్చీలు వరసగా ఉన్నాయి, వాటి వెనక గోడ వారగా, చేతులు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి.